ఏడంగుళాలు కుంగిన కెప్టెన్

చార్లెస్ మార్టెల్ అమెరికా వర్తక నౌకల్లో కెప్టెన్. ఆరడుగుల పైన మరో అంగుళం ఎత్తుండేవాడు. 1918 తర్వాత అతనికి ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. చిన్న దెబ్బకే ఎముకలు విరిగేవి. వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి నలిగి, కొన్నేళ్లలో మనిషి ఏడంగుళాలు పొట్టి అయిపోయాడు. మూత్రంలో ఇసుక రవ్వలు పడేవి.

1926లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో యూజీన్ డ్యుబాయ్ అనే వైద్యుడు అతని రక్తాన్ని పరీక్షించాడు. కాల్షియం బాగా ఎక్కువగా ఉంది, ఫాస్ఫరస్ తక్కువగా ఉంది. ఎముకలు గుల్లబారిన మనిషి రక్తంలో కాల్షియం పొంగిపొర్లుతోందంటే అది తిండి లోపం కాదు, ఎముకను ఎవరో తవ్వి రక్తంలో పోస్తున్నారన్న మాట. దానికి ఏడాది ముందే, 1925లో, కెనడాలో జేమ్స్ కాలిప్ పశువుల పారాథైరాయిడ్ గ్రంథుల నుంచి తీసిన సారాన్ని కుక్కలకు ఎక్కించి, వాటి రక్తంలో కాల్షియం పెరగడం చూపించాడు. డ్యుబాయ్ ఈ రెండింటినీ కలిపి చూసి, మార్టెల్ మెడలో ఏదో పారాథైరాయిడ్ గ్రంథి అదుపు తప్పిందని తేల్చాడు.

ఈ గ్రంథులు మామూలుగా నాలుగు ఉంటాయి. గొంతు ముందు భాగంలో ఉండే థైరాయిడ్ వెనుక అతుక్కుని ఉంటాయి. ఒక్కొక్కటి బియ్యపు గింజంత, కాస్త పెద్దదైతే కందిగింజంత. అంత చిన్నవి కాబట్టే శరీరశాస్త్రజ్ఞుల కంట చాలాకాలం పడలేదు. లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక భారతీయ ఖడ్గమృగాన్ని కోసి చూసినప్పుడు రిచర్డ్ ఓవెన్ వీటిని గమనించాడు. మనిషిలో వీటిని 1880లో స్వీడన్‌లోని ఉప్సలాలో ఇవార్ సాండ్‌స్ట్రోమ్ అనే వైద్య విద్యార్థి వర్ణించాడు. అప్పట్లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

వీటి పని ఒకటే, రక్తంలో కాల్షియాన్ని కనిపెట్టుకుని ఉండడం. మన ఒంట్లో దాదాపు కిలో కాల్షియం ఉంటుంది. అందులో నూటికి 99 వంతులు ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో తిరిగేది చాలా కొద్ది, డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య. అందులోనూ సగమే విడిగా తిరుగుతుంది, మిగతాదిలో ఎక్కువ భాగం ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఉంటుంది. నరాలు సరిగ్గా సంకేతాలు పంపాలన్నా, కండరాలు సరిగ్గా ముడుచుకోవాలన్నా ఆ విడి కాల్షియమే కావాలి. అది పడిపోతే పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు మొదలవుతాయి, చేతులు కొంకర్లు పోతాయి, మరీ తగ్గితే ఫిట్స్ వస్తాయి. అందుకే శరీరానికి రక్తంలోని కాల్షియం ముందు, ఎముక బలం తర్వాత.

కాల్షియం కొంచెం తగ్గగానే పారాథైరాయిడ్ కణాలకు తెలిసిపోతుంది. వాటి పైపొర మీద కాల్షియాన్ని పసిగట్టే గ్రాహకాలున్నాయి. వెంటనే పారాథైరాయిడ్ హార్మోన్ రక్తంలోకి వస్తుంది. రిపోర్టుల్లో పీటీహెచ్ అని రాసేది దీన్నే. రక్తంలో దీని ఆయుష్షు కొద్ది నిమిషాలే కాబట్టి గ్రంథి ఎప్పటికప్పుడు సరిదిద్దుకుంటూ ఉండగలదు.

ఈ హార్మోన్ ఎముక నుంచి కాల్షియాన్ని బయటికి లాగుతుంది. అయితే ఎముకలోని ఖనిజం కాల్షియం ఒక్కటే కాదు, కాల్షియం ఫాస్ఫేటు. ఎముక కరిగితే రెండూ కలిసే రక్తంలోకి వస్తాయి. ఫాస్ఫేటు కూడా పెరిగితే అది కాల్షియాన్ని పట్టుకుని మళ్లీ గట్టిపడుతుంది, ఒక్కోసారి పడకూడని చోట కూడా పేరుకుంటుంది. అప్పుడు చేసిన పనంతా వృథా. అందుకని ఆ హార్మోనే మూత్రపిండాలకు మరో ఆజ్ఞ ఇస్తుంది: కాల్షియాన్ని వెనక్కి పట్టుకోండి, ఫాస్ఫేటును మూత్రంలోకి వదిలేయండి. పారాథైరాయిడ్ జబ్బుల్లో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే ఏర్పాటు ఇదే. మార్టెల్ రక్తంలో కాల్షియం ఎక్కువగా, ఫాస్ఫరస్ తక్కువగా ఉండడానికి కారణం కూడా ఇదే.

మూత్రపిండానికి మూడో పని కూడా ఉంది. ఎండ తగిలినప్పుడు చర్మంలో తయారయ్యే విటమిన్ డి నేరుగా పనికిరాదు. కాలేయంలో ఒకసారి, మూత్రపిండంలో మరోసారి మారితేనే అది చురుకైన హార్మోన్ అవుతుంది. ఆ రెండో మార్పును పీటీహెచ్ వేగవంతం చేస్తుంది. చురుకైన విటమిన్ డి పేగుల మీద పనిచేసి తిండిలోని కాల్షియాన్ని, ఫాస్ఫేటును ఒంటికి పట్టేలా చేస్తుంది. అది లేకపోతే తిన్న కాల్షియంలో నూటికి 10, 15 వంతులకు మించి లోపలికి పోదు. అది ఉంటే 30 నుంచి 40 వంతుల దాకా పోతుంది. అంటే ఎముక నుంచి తీసుకోవడం తక్షణ సాయం, పేగు నుంచి తెచ్చుకోవడం నిలకడైన దారి.

ఇక ఎముక విషయం. ఎముక జీవం లేని కర్ర కాదు. అందులో కూల్చే కణాలు, కట్టే కణాలు పక్కపక్కనే పనిచేస్తాయి. పెద్దవాళ్లలో ఏటా సుమారు పదో వంతు అస్థిపంజరం ఇలా పాతది పోయి కొత్తది వస్తుంది. ఒక చోట కూల్చే కణాలు గుంట తవ్వడానికి రెండు మూడు వారాలు చాలు, దాన్ని కట్టే కణాలు పూడ్చి ఖనిజంతో నింపడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. పాత ఇల్లు పడగొట్టడం, కొత్తది కట్టడం ఒకే వేగంతో సాగవు కదా. అందువల్ల ఒకేసారి ఎక్కువ చోట్ల తవ్వకం మొదలైతే, ఏ క్షణం చూసినా పూడని గుంటలు ఎక్కువగా కనిపిస్తాయి, ఎముక పలచబడుతుంది.

పీటీహెచ్ కూల్చే కణాలను సూటిగా పిలవదు. కట్టే కణాలకు చెబుతుంది, అవి ర్యాంక్ లిగాండ్ అనే ప్రొటీన్ ద్వారా కూల్చే కణాలను తయారు చేయిస్తాయి. హార్మోన్ రాత్రీపగలూ ఎక్కువగా ఉంటే కూల్చడమే పైచేయి అవుతుంది. విచిత్రం ఏమిటంటే, అదే హార్మోన్ ముక్కను రోజుకొకసారి చిన్న మోతాదులో ఇంజెక్షన్‌గా ఇస్తే కట్టడం పైచేయి అవుతుంది. తీవ్రంగా ఎముకలు గుల్లబారినవాళ్లకు ఇచ్చే టెరిపారటైడ్ మందు సూత్రం అదే.

మళ్లీ మార్టెల్ దగ్గరికి వద్దాం. పీటీహెచ్ మూత్రపిండంతో కాల్షియాన్ని పట్టి ఉంచమంటుంది గదా, అతనికి రాళ్లెందుకు వచ్చాయి? రక్తంలో కాల్షియం అంత ఎక్కువగా ఉన్నప్పుడు మూత్రపిండం వడగట్టాల్సినదే మితిమీరిపోతుంది. వెనక్కి పట్టుకోగలిగింది పట్టుకున్నా, మిగిలింది చాలా మూత్రంలోకి పోతుంది. వదిలేసిన ఫాస్ఫేటూ అక్కడే ఉంటుంది. రెండూ కలిసి రాళ్లవుతాయి.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో సర్జన్లు అతని మెడ కోసి చూశారు, కణితి దొరకలేదు. మళ్లీ మళ్లీ కోశారు, దొరకలేదు. మార్టెల్ తానే శరీరశాస్త్రం పుస్తకాలు చదివి, గ్రంథి రొమ్ము లోపల ఉండవచ్చని వైద్యులతో పట్టుబట్టాడు. గర్భంలో పిండం పెరిగేటప్పుడు కింది పారాథైరాయిడ్లు థైమస్ గ్రంథితో కలిసి కిందికి దిగుతాయి, ఒక్కోసారి ఛాతీ దాకా పోతాయి. 1932లో, ఏడో ఆపరేషన్‌లో, ఎడ్వర్డ్ చర్చిల్, ఆలివర్ కోప్ అతని రొమ్ము ఎముక వెనుక ఆ కణితిని పట్టుకున్నారు. పూర్తిగా తీయకుండా కొంత ముక్కను ఉంచారు, హార్మోన్ ఒక్కసారిగా పూర్తిగా పోకుండా.

అయినా మూడో రోజుకే కాల్షియం పడిపోయి కొంకర్లు మొదలయ్యాయి. అలా జరగడానికి రెండు కారణాలు. ఏళ్ల తరబడి కాల్షియం ఎక్కువగా ఉండడంతో మిగతా పారాథైరాయిడ్లు మాగన్నుగా నిద్రపోయి ఉంటాయి. పైగా హార్మోన్ తగ్గగానే కూల్చే కణాలు ఆగిపోతాయి, పూడాల్సిన గుంటలు మాత్రం ఎముకంతా మిగిలి ఉంటాయి. కట్టే కణాలు రక్తంలోని కాల్షియాన్ని, ఫాస్ఫేటును కూడా గుంజేసుకుంటాయి. సర్జన్లు దీన్ని ‘ఆకలిగొన్న ఎముక’ అంటారు. ఈ రోజుల్లో ఇలాంటి ఆపరేషన్ అయ్యాక రోజూ కాల్షియం చూడడం, సిర ద్వారా కాల్షియం, నోటి ద్వారా చురుకైన విటమిన్ డి ఇవ్వడం ఇందుకే. మార్టెల్ మాత్రం దాదాపు ఆరు వారాల తర్వాత, మూత్రనాళంలో ఇరుక్కున్న రాయికి ఆపరేషన్ అయ్యాక చనిపోయాడు.

కాల్సిటోనిన్ గురించి కొద్దిగా చెబితే చాలు. దీన్ని 1962లో కెనడాలో డగ్లస్ కాప్ కనుగొన్నాడు. థైరాయిడ్‌లోని సి కణాలు దీన్ని తయారు చేస్తాయి, ఇది కూల్చే కణాలను ఆపుతుంది. పుస్తకాల్లో దీన్ని పీటీహెచ్‌కు సమానమైన ప్రత్యర్థిగా చూపిస్తారు. పెద్దవాళ్లలో దాని బలం అంత కాదు. థైరాయిడ్ మొత్తం తీసేసినవాళ్లకు కాల్సిటోనిన్ లేకపోవడం వల్ల కాల్షియం పెరగదు. దాన్ని అపారంగా తయారుచేసే థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవాళ్లకూ కాల్షియం మామూలుగానే ఉంటుంది. కాల్షియం ప్రమాదకరంగా పెరిగినప్పుడు త్వరగా దించడానికి సాల్మన్ చేప కాల్సిటోనిన్ ఇంజెక్షన్ ఇస్తారు. రెండు మూడు రోజుల్లో దాని పని తగ్గిపోతుంది.

మన దగ్గర మార్టెల్ లాంటి కేసులకన్నా దానికి తలకిందులైన కథ ఎక్కువ. తిరుపతిలో పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఎండ పుష్కలంగా ఉండే చోట కూడా విటమిన్ డి లోపం విరివిగా కనిపించింది. తినే కాల్షియం తక్కువ, ధాన్యాల్లో ఉండి కాల్షియాన్ని పట్టేసుకునే ఫైటేట్లు ఎక్కువ. అలాంటివాళ్లలో పేగు నుంచి కాల్షియం రాదు, కాబట్టి పారాథైరాయిడ్లు కష్టపడి ఎముక నుంచి తెస్తాయి.

ఒక ఉదాహరణ రిపోర్టు చూడండి. నడుము నొప్పి, లేచి నిలబడడానికి తొడల్లో బలం లేకపోవడంతో ఒక మహిళ వచ్చింది అనుకుందాం. కాల్షియం 9.0. ‘నార్మల్’ అని ఇంటికి పంపేస్తారు. అదే కాగితం మీద ఫాస్ఫరస్ 2.3 ఉంటుంది, అంటే తక్కువ. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువగా ఉంటుంది, అంటే కట్టే కణాలు ఊపిరాడకుండా పనిచేస్తున్నాయి. అడిగి చేయిస్తే పీటీహెచ్ 140 వస్తుంది, మామూలుగా 65 లోపు ఉండాలి. విటమిన్ డి 9 వస్తుంది, 20 అయినా ఉండాలి. రక్తంలో ఆ 9.0 నిలబడింది ఎముక ఖర్చుతోనే. ఇది గ్రంథి జబ్బు కాదు, గ్రంథి తన పని తాను చేస్తోంది.

దీనికి వైద్యుడు వారానికోసారి 60,000 యూనిట్ల విటమిన్ డి సాచెట్ కొన్ని వారాలు రాస్తారు, కాల్షియం కూడా. కొందరు మందుల షాపులో కొనుక్కుని దాన్నే రోజూ వేసుకుంటారు. అప్పుడు కాల్షియం 13కు పోయి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మతిమరుపు వస్తాయి. ఈసారి పీటీహెచ్ దాదాపు అడుగంటి ఉంటుంది, కాల్షియం పెరిగిందని గ్రంథి చేతులు ముడుచుకుని ఉంటుంది కాబట్టి. కాల్షియం ఎక్కువ, పీటీహెచ్ కూడా ఎక్కువ అయితే గ్రంథిని అనుమానించాలి. కాల్షియం ఎక్కువ, పీటీహెచ్ తక్కువ అయితే మందులనో, లోపల దాగిన క్యాన్సర్‌నో వెతకాలి.

కాబట్టి కాల్షియం ఒక్కటే చేయించి ఊరుకోకండి. ఎముకల నొప్పికో, మళ్లీ మళ్లీ వచ్చే కిడ్నీ రాళ్లకో పరీక్ష రాయించుకునేటప్పుడు అదే రక్తంలో ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఆల్బుమిన్, విటమిన్ డి, పీటీహెచ్ కూడా చూడమని మీ వైద్యుడిని అడగండి. సాచెట్లు ఎన్ని వారాలో కూడా ఆయన్నే అడగండి.