సరకుంది, కంప్యూటర్‌లో లేదు

1999లో హాలోవీన్ పండగ ముందు హెర్షీ కంపెనీ చేతులెత్తేసింది. అమెరికాలో ఆ పండగకి ఇంటింటికీ వచ్చే పిల్లలకు మిఠాయిలు పంచుతారు కాబట్టి చాక్లెట్ కంపెనీలకు అది పెద్ద సీజన్. సరిగ్గా అప్పుడే దాదాపు 10 కోట్ల డాలర్ల విలువైన ఆర్డర్లను హెర్షీ దుకాణాలకు వేళకి చేర్చలేకపోయింది. ఆ మూడు నెలల లాభం అంతకుముందు ఏడాదితో పోలిస్తే 19 శాతం పడిపోయింది. విచిత్రమేమిటంటే చాక్లెట్లకు కొరత లేదు. సరకు తయారై ఉంది, కొనేవాళ్లూ ఉన్నారు.

ఆ జులైలోనే కంపెనీ మూడు కొత్త సాఫ్ట్‌వేర్లను ఒక్కసారిగా వాడకంలోకి తెచ్చింది. ఖాతాలు, స్టాకు, ఆర్డర్లు చూసే శాప్ ఈఆర్పీ ఒకటి. సరఫరా ప్రణాళిక వేసే మాన్యుజిస్టిక్స్ రెండోది. ఖాతాదారుల వ్యవహారం చూసే సీబెల్ మూడోది. నాలుగేళ్లు పడుతుందనుకున్న పనిని 2000 సంవత్సరపు కంప్యూటర్ గండం తరుముతుంటే 30 నెలలకు కుదించారు. పైగా, సీజన్ రద్దీలో ఫ్యాక్టరీల్లోని ఖాళీ గదుల్లో సరకు దాచడం అక్కడి పాత అలవాటు. ఆ గదుల సంగతి పాత సిబ్బందికి తెలుసు. కొత్త సిస్టమ్‌లో మాత్రం వాటిని గోడౌన్లుగా నమోదు చేయలేదు. దాంతో కళ్లెదుట ఉన్న చాక్లెట్లు స్క్రీన్ మీద లేకుండా పోయాయి.

అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి తొలి ఇంటర్వ్యూకి వెళ్లే ఫ్రెషర్లలో చాలామందికి ఈ సిస్టమ్‌లన్నీ ఒకేలా కనిపిస్తాయి. అన్నిట్లోనూ ఆర్డరుంటుంది, స్టాకుంటుంది, తేదీ ఉంటుంది. మరి తేడా ఎక్కడ? ఒకే ఆర్డరును పట్టుకుని నాలుగింటి గుండా నడిస్తే తెలుస్తుంది. హైదరాబాద్ శివార్లలో మాత్రలు తయారుచేసే ఒక ప్లాంట్ ఉందనుకుందాం. ఒక ఆసుపత్రుల సంస్థ 10 లక్షల మాత్రలు 25వ తేదీకల్లా ఇవ్వగలరా అని అడిగింది.

ఈ మాట మొదట చేరేది కస్టమర్ రిలేషన్‌షిప్ సిస్టమ్‌లో, అంటే సీఆర్ఎంలో. సేల్స్ మనిషి అందులో ఏం రాస్తాడు? కొనుగోలు నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఎంత డిస్కౌంట్ అడిగారు, కిందటిసారి సరకు ఆలస్యమైందని ఫిర్యాదు చేశారా, బేరం కుదిరే అవకాశం ఎంత... ఇలాంటివి. 60 శాతం అవకాశం అని రాశాడనుకోండి. అప్పటికి అది ఆశ మాత్రమే. దాని వల్ల గోడౌన్‌లో ఒక్క మాత్ర కదలదు, లెడ్జర్‌లో ఒక్క రూపాయి మారదు.

బేరం ఖాయమయ్యాక ఆర్డరు ఈఆర్పీకి వెళ్తుంది. ఇక్కడి నుంచి ప్రతి అంకెకూ డబ్బుతో ముడి పడుతుంది. మాత్రకు 500 మిల్లీగ్రాముల మందు చొప్పున 10 లక్షల మాత్రలకు 500 కిలోలు కావాలి. స్టోర్స్‌లో 380 ఉన్నాయి. తక్కువపడ్డ 120 కిలోలు కొనమని ఈఆర్పీ కొనుగోలు విభాగానికి చెబుతుంది. సరకు వచ్చినప్పుడు స్టాకు విలువ పెరుగుతుంది, సరఫరాదారుకు బాకీ నమోదవుతుంది, చివరికి జీఎస్టీ ఇన్‌వాయిస్ కూడా ఇక్కడి నుంచే వెళ్తుంది. ఆడిటర్ వచ్చి అడిగేదీ ఈ లెక్కనే.

అయితే ఈఆర్పీలో సాధారణంగా నడిచే ముడిసరుకు లెక్కకు ఒక పెద్ద లోపం ఉంది. యంత్రం ఖాళీగానే ఉంటుందన్న ధీమాతో అది తేదీలు వేస్తుంది. మాత్రలు అచ్చొత్తే యంత్రం మీద ఇప్పటికే నాలుగు రోజుల పని పేరుకుందని దానికి పట్టదు.

పట్టించుకునేది సప్లై చైన్ ప్లానింగ్ సిస్టమ్. ఆ యంత్రం గంటకు 2 లక్షల మాత్రలు చేస్తుందని అందులో రాసి ఉంటే మన ఆర్డరుకు 5 గంటలు చాలు. కానీ ఒక మందు నుంచి మరో మందుకు మారేటప్పుడు యంత్రాన్ని కడిగి, తనిఖీ చేయడానికి ఒక షిఫ్టంతా పడుతుంది. అందుకే అదే మందుకు సంబంధించిన బ్యాచ్‌లను పక్కపక్కన పెట్టి చూస్తుంది, ఒక కడుగుడు తగ్గిస్తుంది, ఇలా రకరకాలుగా వేసి చూసి 25 కుదరదు, 27 కుదురుతుందని తేలుస్తుంది. సీఆర్ఎంలో ఉన్న ఆ 60 శాతం ఆశలను కూడా రాబోయే నెలల గిరాకీ అంచనాలో కలుపుకుంటుంది. ఎన్నిసార్లు వేసి చూసినా లెడ్జర్‌కు ఏమీ కాదు.

దీని బలమంతా లోపల పెట్టిన అంకెల్లోనే ఉంది. యంత్రం నిజానికి గంటకు లక్షన్నరే చేస్తుంటే 5 గంటల పని 6 గంటల 40 నిమిషాలవుతుంది. ఆ తేడా పేరుకుని ప్లాన్ ప్రతిరోజూ తప్పుతుంది. ప్లానింగ్ వాళ్లు సిస్టమ్ వదిలేసి పక్కన సొంత ఎక్సెల్ షీట్ నడుపుతున్నారంటే లోపలి అంకెలు చెడ్డాయనడానికి అది స్పష్టమైన గుర్తు.

ఇక షాప్ ఫ్లోర్. రాత్రి షిఫ్టులో తూకం గదిలో ఆపరేటర్ డ్రమ్ము మీద బార్‌కోడ్ స్కాన్ చేస్తాడు. ఆ లాటును క్వాలిటీ విభాగం ఇంకా ఆమోదించకపోతే ఎంఈఎస్ అక్కడే ఆపేస్తుంది, తర్వాతి మెట్టుకు పోనివ్వదు. తూకం అంకె కాటా నుంచి నేరుగా అందులోకి చేరుతుంది. పని మధ్యలో పంచ్ విరిగి యంత్రం 40 నిమిషాలు ఆగితే కారణంతో సహా నమోదవుతుంది. ఎవరు చేశారు, ఎవరు సరిచూశారు అన్నవి ఎలక్ట్రానిక్ సంతకాలతో బ్యాచ్ రికార్డులో ఉంటాయి. అమెరికాకు మందులు పంపే ప్లాంట్లలో ఇలాంటి రికార్డులకు అక్కడి ఎఫ్‌డీఏ నిబంధన, పార్ట్ 11, వర్తిస్తుంది. ఈఆర్పీ రోజులు, నెలల లెక్కలో నడిస్తే ఎంఈఎస్ షిఫ్టులు, నిమిషాల లెక్కలో నడుస్తుంది. ఐఎస్ఏ-95 అనే ప్రమాణం మొదటిదాన్ని నాలుగో అంచెలో, రెండోదాన్ని మూడో అంచెలో పెట్టింది.

మన బ్యాచ్ ముగిసేసరికి మంచి మాత్రలు 9,82,000 వచ్చాయి, 18,000 తిరస్కరణకు పోయాయి. ఎంఈఎస్‌కు ఇది తెలుసు. ఈ అంకె ఈఆర్పీకి చేరకపోతే సేల్స్ మనిషి ఖాతాదారుకు నిండుగా 10 లక్షలు వస్తున్నాయనే చెబుతాడు. ముడిసరుకు విషయంలోనూ ఇదే తంతు. చాలాచోట్ల ఈఆర్పీ వాస్తవ తూకం అడగదు, ఫార్ములా ప్రకారం 500 కిలోలు తగ్గించేస్తుంది. నిజంగా ఖర్చయింది 507 అయితే ఆ 7 కిలోలు కాగితం మీద బతికే ఉంటాయి. స్టాకు లెక్కపెట్టే రోజుదాకా ఎవరికీ తెలియదు, లేదా తర్వాతి బ్యాచ్ తూకం గదిలో సరకు చాలక ఆగినప్పుడు తెలుస్తుంది. హెర్షీలో ఖాళీ గదుల కథా ఇలాంటిదే.

హెర్షీ తర్వాత 2002లో అదే శాప్‌ను కొత్త వెర్షన్‌కు మార్చుకుంది. ఈసారి సాఫీగా సాగింది. కాబట్టి తప్పంతా సాఫ్ట్‌వేర్‌దేనని అనలేం.

ఇప్పుడు ఒకే కంపెనీ నాలుగు రకాలూ అమ్ముతోంది. శాప్‌లోనే ఈఆర్పీ ఉంది, ప్లానింగ్ ఉంది, సీఆర్ఎం ఉంది, ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్ ఉంది. అందుకే రెజ్యూమెలో శాప్ అని రాసినంత మాత్రాన ఏ పని వచ్చో ఎదుటివాళ్లకు తెలియదు. పనులూ వేరు: ఈఆర్పీలో చేరేవాళ్లకు ఖాతాల పద్ధతి రావాలి, ప్లానింగ్‌కు గిరాకీ, సామర్థ్యాల లెక్క రావాలి, సీఆర్ఎంకు అమ్మకం ఎలా జరుగుతుందో తెలియాలి, ఎంఈఎస్‌కు రాత్రి షిఫ్టులో ప్లాంట్‌లో నిలబడే ఓపిక కావాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఏదో ఒక అంకెను, ఉదాహరణకు ఒక సరకు స్టాకును, ఎంచుకోండి. అది మొదట ఏ సిస్టమ్‌లో పుడుతుంది, మిగతావాటికి ఎప్పుడు చేరుతుంది అని సీనియర్లను అడిగి, ఒకసారి గోడౌన్‌కి వెళ్లి స్వయంగా లెక్కపెట్టి చూడండి.