మచ్చా, కూలిన పందిరా?

మూడు వారాలుగా కామెర్లు తగ్గని మనిషి కాలేయం నుంచి సూదితో తీసిన ముక్క ల్యాబ్‌కు వచ్చిందనుకుందాం. దారప్పోగు లాంటి ముక్క, పొడవు మహా అయితే రెండు సెంటీమీటర్లు. దాన్ని ఫార్మలిన్‌లో ఉంచి, మైనపు దిమ్మెలో పోతపోసి, నాలుగు మైక్రాన్ల మందాన పొరలు కోసి, రోజూ వాడే హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేస్తారు. కేంద్రకాలు నీలంగా, తక్కినదంతా గులాబీగా తేలుతుంది. మన ముక్కలో కాలేయ కణాలు దీవులుగా విడిపోయి ఉన్నాయి. వాటి మధ్య గులాబీ పట్టీలు.

చిక్కంతా ఆ పట్టీలతోనే. అవి ఏళ్లుగా పేరుకున్న మచ్చ అయితే జబ్బు సిర్రోసిస్. అలా కాక, కణాలు ఒక్కసారిగా చచ్చిపోయి వాటిని మోసే చట్రం కుంగిపోయినా పట్టీలు ఇలాగే కనిపిస్తాయి. ఇయోసిన్‌కు ఆ తేడా తెలియదు, రెండింటినీ గులాబీగానే చూపిస్తుంది. వైద్యుడికి మాత్రం అవి రెండు వేర్వేరు జబ్బులు. రెండోదానిలో రోగి గండం గట్టెక్కితే కాలేయం మళ్లీ పెరగవచ్చు.

అందుకని అదే దిమ్మె నుంచి మరికొన్ని పొరలు కోసి ప్రత్యేక రంగులకు పంపుతారు. మొదటిది రెటిక్యులిన్. కాలేయ కణాల వరుసలను రెండు పక్కలా పట్టి ఉంచే సన్నని నారల పేరే అది. నిజానికి ఇందులో వేసేది రంగు కాదు, వెండి. గోర్డన్, స్వీట్స్ 1936లో చెప్పిన పద్ధతిలో పొరను ముందు పర్మాంగనేట్‌తో, తర్వాత ఆక్జాలిక్ ఆమ్లంతో, ఆపైన ఇనుప పటికతో తడిపి, అమ్మోనియా కలిపిన వెండి ద్రావణంలో ముంచుతారు. పాతకాలపు ఫొటో కడిగినట్టు, ఫార్మలిన్ తగలగానే నారల మీద వెండి నల్లగా దిగుతుంది. ఆ వెండి ద్రావణాన్ని మిగిల్చి దాచుకోకూడదు. ఎండితే పేలుతుంది.

ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో ఈ నల్లగీతల మధ్య ఒకటి, రెండు కణాల ఎడం ఉంటుంది. మన ముక్కలో పట్టీలున్న చోట ఆ ఎడమే లేదు. తాటాకు పందిరి కూలినప్పుడు గుంజలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డట్టు, గీతలు దగ్గరదగ్గరగా నలిగి ఉన్నాయి. ముదిరిన మచ్చలో అయితే దళసరి కొల్లాజెన్ కట్టలు బూడిద, గోధుమ ఛాయల్లో కనిపించాలి. కానీ దీన్నొక్కదాన్నే నమ్మితే పొరబడవచ్చు. కూలిన చోటే నెమ్మదిగా మచ్చ కూడా మొదలవుతుంది కాబట్టి కొన్ని దశల్లో రెండూ కలగలిసి ఉంటాయి.

అప్పుడు అక్కరకొచ్చేది ఎలాస్టిక్ రంగు. సాగే నారలు గాయమైన వెంటనే పుట్టవు, వాటికి నెలలు పడుతుంది. పట్టీలో అవి కనిపిస్తే మచ్చ పాతదని అర్థం. 1908 నాటి వెర్హాఫ్ పద్ధతిలో హెమటాక్సిలిన్, ఫెర్రిక్ క్లోరైడ్, అయోడిన్ కలిపి పొరను ముందు పూర్తిగా నల్లబరిచి, ఆపైన పలచటి ఫెర్రిక్ క్లోరైడ్‌తో అక్కరలేని నలుపును కడుగుతారు. టెక్నీషియన్ చేతివాటం తెలిసేది ఇక్కడే. కాస్త ఎక్కువసేపు కడిగితే సన్నని నారల నలుపు కూడా పోతుంది, పాత మచ్చ కొత్తదానిలా కనిపిస్తుంది. అందుకే పాథాలజిస్టు ముందుగా అదే పొరలోని ధమని గోడను చూస్తాడు. అక్కడి సాగే నార నల్లగా ఉంటేనే పట్టీలో 'లేదు' అన్న మాటకు విలువ. మన ముక్కలో ధమని గోడ నల్లగా ఉంది, పట్టీ ఖాళీగా ఉంది.

మూడోది పీఏఎస్. అందులో మొదటి మాటను చాలామంది 'పీరియాడిక్' అని చదివేస్తారు గానీ అది 'పర్-అయోడిక్', అయోడిన్ నుంచి వచ్చే ఆమ్లం. అది చక్కెర గొలుసులను విడగొడుతుంది. విడిన చోట షిఫ్ ద్రావణం ముదురు గులాబీగా అంటుకుంటుంది. కాలేయంలో చిక్కేమిటంటే, కణాల నిండా గ్లైకోజెన్ ఉండి పొరంతా ఎర్రబారుతుంది. అందుకని మరో పొరను డయాస్టేస్‌తో ముందే కడిగి గ్లైకోజెన్‌ను తీసేస్తారు. డయాస్టేస్ అందుబాటులో లేకపోతే ఉమ్మి వాడే ల్యాబ్‌లూ ఉన్నాయి, అందులోని అమైలేజ్ చేసేదీ ఆ పనే. కడిగాక కూడా గులాబీగా మిగిలినవే అసలు సాక్ష్యం. మన ముక్కలో మిగిలినవి చచ్చిన కణాల చెత్తను మింగి ఉబ్బిన మాక్రోఫేజ్‌లు. అంటే విధ్వంసం ఈమధ్యదే. అలా కాకుండా పోర్టల్ ప్రాంతాల చుట్టూ ఉన్న కాలేయ కణాల్లో గుండ్రని గులాబీ బొట్లు మిగిలి ఉంటే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపం అనే వంశపారంపర్య జబ్బును అనుమానించాల్సి వచ్చేది.

మూడు స్లైడ్లూ పక్కపక్కన పెట్టి చూశాక రిపోర్టులో 'సిర్రోసిస్' అని రాయరు. 'ఇటీవలి కణవిధ్వంసం, చట్రం కుంగుబాటు' అని రాస్తారు. కింద ఇంకో వాక్యం కూడా ఉంటుంది: ఇలాంటి దెబ్బ కాలేయమంతటా ఒకేలా ఉండదు కాబట్టి, సూది తగిలిన చోటు బట్టి తీవ్రత ఎక్కువగానో తక్కువగానో కనిపించి ఉండవచ్చని.