సత్యం షేరు, పామ్ షేరు: మార్కెట్ ధరకు ఏం తెలుసు?

2008 డిసెంబరు 16న మన స్టాక్ మార్కెట్లు మూతపడ్డాక హైదరాబాద్ నుంచి ఒక ప్రకటన వెలువడింది. సత్యం కంప్యూటర్స్ తన ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగానూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటానూ కొంటుందట. ఖర్చు 160 కోట్ల డాలర్లు. ఇక్కడ మార్కెట్ మూసేసినా న్యూయార్క్‌లో లావాదేవీలు ఇంకా జరగాల్సే ఉన్నాయి. అక్కడ సత్యం ఏడీఆర్‌లు, అంటే అమెరికాలో చేతులు మారే ఆ కంపెనీ షేర్ల రసీదులు, ఆ ఒక్క రోజులోనే సగానికి పైగా విలువ కోల్పోయాయి. తెల్లారేసరికి కంపెనీ ఆ ఆలోచన మానుకున్నట్టు ప్రకటించింది. అయినా 17న మన దగ్గర షేరు ధర దాదాపు 30 శాతం పడిపోయింది.

ఒప్పందమే రద్దయ్యాక షేరు ఎందుకు పడాలి? వాటాదారుల సొమ్మును ప్రమోటర్ల కుటుంబ సంస్థలకు మళ్లించడానికి యాజమాన్యం సిద్ధపడిందన్న సంగతి అప్పటికే బయటపడింది గనుక. ఒప్పందాన్ని రద్దు చేయగలిగారు గానీ, ఆ సంగతి మదుపరులకు తెలియకుండా చేయలేరు కదా. ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు, ఏ నియంత్రణ సంస్థా విచారణ ముగించలేదు. ధర మాత్రం అప్పటికే తన అంచనా చెప్పేసింది.

షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు యూజీన్ ఫామా 1970లో ఒక వ్యాసంలో స్థిరపరిచిన ‘సమర్థ మార్కెట్’ ప్రతిపాదన చెప్పేది ఇదే: అందుబాటులో ఉన్న సమాచారం ఎప్పటికప్పుడు షేరు ధరలో కలిసిపోతుంది. దీని వెనుక మాయ లేదు, లాభం కోసం పోటీ ఉంది. వంద రూపాయల షేరు కొత్త వార్తతో నూట ఇరవై చేస్తుందని కొందరు గ్రహించారనుకుందాం. వాళ్లు నూటఒకటికీ కొంటారు, నూటపదికీ కొంటారు. అమ్మేవాళ్లకూ విషయం తెలిసి ధర పెంచుతారు. నూట ఇరవై దగ్గరికి వచ్చాక గానీ ఈ కొనుగోళ్లు ఆగవు. అంటే తెలిసిన వార్త ధరలోకి ఎక్కేసింది. ఇక ధరను కదపగలిగేది రేపటి వార్తే. అది ఏమిటో ముందే తెలిస్తే అది వార్తే కాదు. అందుకే నిన్నటి గ్రాఫు చూసి రేపటి ధర చెప్పడం అసాధ్యమని ఈ సిద్ధాంతం అంటుంది.

ఇందులో మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టులో ధరకు తన పాత కదలికలన్నీ తెలుసు. రెండో మెట్టులో బహిరంగమైన సమాచారమంతా తెలుసు: ఫలితాలు, ప్రకటనలు, పత్రికల వార్తలు. మూడో మెట్టులో లోపలివాళ్ల రహస్యాలూ తెలుసు. అసలు చర్చంతా రెండో మెట్టు మీదే.

ఇప్పుడు 2009 జనవరి 7కు వద్దాం. ఆ రోజు రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని, అంతకు ముందరి సెప్టెంబరు త్రైమాసికంలో 24 శాతంగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 3 శాతమేనని అందులో ఉంది. క్రితం రోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గరికి చేరింది. మార్కెట్‌కు ఏమీ తెలియదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని చాలామంది అన్నారు. నా దృష్టిలో అది పొరపాటు. ఆ లేఖ తుడిచిపెట్టింది మూడో మెట్టును మాత్రమే. లోపలివాళ్లకు తెలిసిన నిజం ధరలో లేదు, నిజమే. కానీ ప్రజల ముందున్నవి ఆడిటర్లు సంతకం చేసిన అబద్ధపు లెక్కలు. ధర ఆ లెక్కలనే చూపించింది, అసలు లెక్క తెలిసిన పూటే దానికి తగ్గట్టు మారింది. తమ పింఛను సొమ్ము ఆ షేర్లలో పెట్టుకున్నవాళ్లకు ఇది ఊరటనిచ్చే మాట కాదు. వాళ్ల ధనాన్ని హరించింది మోసం. సిద్ధాంతంలో లోపం వెతకాలంటే ఇంకోచోటికి వెళ్లాలి: అందరికీ తెలిసిన సమాచారం కూడా ధరలోకి ఎక్కని చోటికి.

అలాంటి చోట్లు ఉన్నాయి. 1968లోనే రే బాల్, ఫిలిప్ బ్రౌన్ అనే పరిశోధకులు ఒకటి గమనించారు. అనుకున్నదానికన్నా మంచి లాభాలు ప్రకటించిన కంపెనీల షేర్లు ఆ రోజు పెరిగి ఆగడం లేదు, ఆ తర్వాతా నెమ్మదిగా పెరుగుతున్నాయి. నిరాశపరిచినవి అలాగే జారుతున్నాయి. వార్త బహిరంగమే, అయినా ధర దాన్ని వారాల తరబడి మెల్లగా జీర్ణించుకుంటోంది. చిన్న కంపెనీల షేర్లు వాటి రిస్కుకు తగినదానికన్నా ఎక్కువ రాబడినిచ్చాయని 1981లో రాల్ఫ్ బాంజ్ చూపించాడు.

వీటన్నిటికీ ఫామా దగ్గర ఒక గట్టి జవాబుంది. ఎక్కువ రాబడి వచ్చిందని చెప్పాలంటే ముందు ‘రావాల్సింది ఎంత’ అన్నది తెలియాలి. దానికి రిస్కును కొలిచే సూత్రం ఒకటి కావాలి. తేడా కనబడినప్పుడు తప్పు మార్కెట్‌దో, మన కొలతదో తేల్చలేం. చిన్న కంపెనీల్లో మన సూత్రానికి అందని రిస్కు ఉండవచ్చు, ఎక్కువ రాబడి దానికి ప్రతిఫలమే కావచ్చు. ఈ వాదనను తేలిగ్గా తోసిపుచ్చలేం.

అందుకే రిస్కు సూత్రంతో పనిలేని ఉదాహరణ విమర్శకులకు అమూల్యమైంది. అది 2000 మార్చి 2న అమెరికాలో దొరికింది. త్రీకామ్ అనే కంపెనీ తన అనుబంధ సంస్థ పామ్ షేర్లలో సుమారు 5 శాతాన్ని ఆ రోజు మార్కెట్లోకి తెచ్చింది. జేబులో పట్టే చిన్న కంప్యూటర్లు తయారుచేసే పామ్ మీద అప్పట్లో మోజు విపరీతం. మిగతా పామ్ షేర్లను కొన్ని నెలల్లో తన వాటాదారులకే పంచుతానని త్రీకామ్ ముందే ప్రకటించింది. ఒక త్రీకామ్ షేరున్నవారికి దాదాపు ఒకటిన్నర పామ్ షేర్లు వస్తాయి.

ఆ సాయంత్రం పామ్ ధర 95 డాలర్లు. ఒకటిన్నర పామ్ షేర్ల విలువ 142 డాలర్లు దాటుతుంది. కాబట్టి త్రీకామ్ షేరు కనీసం అంత ఉండాలి. ఉన్నది 82 డాలర్లు. అంటే పామ్‌ను తీసేస్తే త్రీకామ్ మిగతా వ్యాపారమంతా షేరుకు సున్నాకన్నా 60 డాలర్లు తక్కువ అని మార్కెట్ చెబుతోంది. ఆ కంపెనీకి లాభాలొచ్చే వ్యాపారముంది, నగదు నిల్వలున్నాయి. వాటాదారుకు షేరు విలువ ఎన్నటికీ సున్నాకు దిగువకు పోదు. మర్నాటి పత్రికలు ఈ లెక్కను అచ్చువేశాయి కూడా. అయినా తేడా వారాల తరబడి నిలిచింది.

దాన్ని సరిచేయడానికి దారి ఒకటే: త్రీకామ్ కొని, పామ్ షేర్లను అప్పు తెచ్చి అమ్మాలి. మార్కెట్లో ఉన్నదే 5 శాతం. అందులో అప్పిచ్చేవాళ్లు అతికొద్దిమంది, అడిగే అద్దె చాలా ఎక్కువ. పామ్ ధర ఎక్కువని నమ్మినవాళ్లకు అమ్మే వీలే లేకపోయింది. మోజుపడ్డవాళ్లు మాత్రం కొంటూనే ఉన్నారు. ధరను సరిచేసే పోటీకి ఒక చెయ్యి కట్టేసినట్టయింది.

ఈ ఉదంతాన్ని పరిశీలించిన ఒవెన్ లామాంట్, రిచర్డ్ థేలర్ చూపిన తేడా ఇక్కడే పనికొస్తుంది. ‘మార్కెట్‌ను తేలిగ్గా ఓడించలేం’ అన్నది ఒక మాట. ‘ధర ఎప్పుడూ సరైనదే’ అన్నది వేరే మాట. పామ్ విషయంలో మొదటిది నిలబడింది, ఎందుకంటే అప్పు దొరక్క దాదాపు ఎవరూ ఆ తేడాను పెద్దఎత్తున సొమ్ము చేసుకోలేకపోయారు. రెండోది మాత్రం కూడికలు తీసివేతలు వచ్చిన ఎవరికైనా కనబడేంత స్పష్టంగా తప్పింది. 95 డాలర్లకు పామ్ కొన్నవాళ్లకు అంతకన్నా చవగ్గా, ఒక త్రీకామ్ షేరు రూపంలో, ఒకటిన్నర పామ్‌లు పక్కనే దొరుకుతున్నాయి.