బోరు నీళ్లలో సబ్బు ఎందుకు నురగదు

బోరు నీళ్లలో సబ్బు నురగకపోవడానికి కారణం ఆ నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. అది కాల్షియాన్ని కలిసిందంటే నీటిలో కరగని తెల్లటి తెట్టుగా మారుతుంది. బకెట్ అంచున జిడ్డుగా పట్టే గీత అదే. ఆ కాల్షియం, మెగ్నీషియం తీరేదాకా నురగ నిలవదు. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీటిలో సుమారు 1.8 గ్రాముల సబ్బు ఇలా తెట్టుకే పోతుంది. నీటిని మరిగిస్తే బైకార్బనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యమే తగ్గుతుంది. సల్ఫేట్ల వల్ల వచ్చింది పోదు.

ఈ తెట్టు కొంత చర్మానికీ అంటుకుని, ఎంత కడిగినా జిగటగా అనిపిస్తుంది. పైగా సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దరిదాపుల్లో. అందుకే పొడి చర్మం ఇంకా బిగుస్తుంది. రేపర్ మీద టీఎఫ్ఎం శాతం ఎక్కువున్నంత మాత్రాన ఈ చిక్కు తీరదు, అదీ సబ్బే కదా!

సిండెట్ బార్ల తీరు వేరు. వాటిలో ముఖ్యంగా ఉండే సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ కాల్షియంతో కలిసినా అంతగా తెట్టు కట్టదు. వీటి పీహెచ్ సాధారణంగా 5.5, 7 మధ్య ఉంటుంది. పదార్థాల జాబితాలో ఆ పేరు మొదట ఉంటే సిండెట్ అనుకోవచ్చు. సోడియం పామేట్ మొదట ఉంటే మామూలు సబ్బే. నురగ ఒక్కటే చూసి ఎంచుకోవడం కూడా సరికాదు. సోడియం లారిల్ సల్ఫేట్ బోరు నీళ్లలోనూ సబ్బు కంటే బాగా నురగిస్తుంది, కానీ సున్నితమైన చర్మాన్ని మండిస్తుంది.