ఉండిపొమ్మని ఇచ్చే ఆరు లక్షలు

కంపెనీ చేతులు మారుతున్నప్పుడో, పెద్ద ప్రాజెక్టు సగంలో ఉన్నప్పుడో, పక్క కంపెనీ మన టీమ్‌లో సగం మందికి ఫోన్లు చేస్తున్నప్పుడో హెచ్‌ఆర్ నుంచి పిలుపు వస్తుంది. మూసిన గదిలో మాట్లాడతారు. మీరు మాకు ముఖ్యం, మీకోసం రిటెన్షన్ బోనస్ అనుకున్నాం, ఎవరికీ చెప్పకండి అంటారు. రెండు పేజీల లేఖ చేతికొస్తుంది. అంకె మొదటి పేజీలోనే పెద్దగా కనిపిస్తుంది. మనం వెళ్లిపోతే ఏమవుతుందన్నది రెండో పేజీలో ఉంటుంది. చాలామంది ఆ రెండో పేజీని రాజీనామా చేశాక గానీ నిదానంగా చదవరు.

ఇలాంటి లేఖల్లో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో ఫలానా తేదీ దాకా ఉంటేనే డబ్బు చేతికొస్తుంది. రెండోదాంట్లో డబ్బు ముందే ఇచ్చేస్తారు, గడువులోపు వెళ్లిపోతే వెనక్కి తీసుకుంటారు. ఈ వెనక్కి తీసుకోవడాన్నే క్లాబ్యాక్ అంటారు. వెస్టింగ్ అనే మాట రెండింటిలోనూ వస్తుంది. డబ్బు చేతికి రావడం వేరు, అది మనది కావడం వేరు. ఇక ఎవరూ వెనక్కి అడగలేని విధంగా ఆ డబ్బు మనదయ్యే రోజే వెస్టింగ్ తేదీ. మొదటి రకంలో నష్టం వచ్చినా, రానున్న డబ్బు రాకుండా పోతుంది, అంతే. రెండో రకంలో జేబులోంచి తీసి కట్టాలి. అందుకే రెండో రకాన్నే ఒక ఉదాహరణతో లెక్క వేసి చూద్దాం.

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఉన్నారనుకుందాం. ఏడాదికి 28 లక్షల జీతం, కొత్త పన్ను విధానం. కంపెనీ ఆమెకు 6 లక్షల రిటెన్షన్ బోనస్ ఇచ్చింది. 2025 ఆగస్టు జీతంతో కలిపి డబ్బు పడింది. షరతు 24 నెలలు: 2025 సెప్టెంబరు 1 నుంచి 2027 ఆగస్టు 31 దాకా ఉండాలి. 24 లక్షలు దాటిన ఆదాయం మీద 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు ఉంటాయి కాబట్టి ఈ ఆరు లక్షల మీద 31.2 శాతం, అంటే 1,87,200 రూపాయలు టీడీఎస్‌గా పోయాయి. ఆమె ఖాతాలో పడింది 4,12,800.

ఏడాది గడిచింది. ఇంకో చోట మంచి ఉద్యోగం దొరికింది. నోటీస్ పీరియడ్ 90 రోజులు. 2026 నవంబరు 30న రాజీనామా మెయిల్ పంపారు, 2027 ఫిబ్రవరి 28 ఆఖరి పనిరోజు. ఇరవై నాలుగు నెలల్లో పద్దెనిమిది నెలలు పనిచేశారు. ఇప్పుడామె ఎంత తిరిగి కట్టాలి?

జవాబు పూర్తిగా ఆ రెండో పేజీలో ఉన్న ఒక వాక్యం మీద ఆధారపడి ఉంటుంది. గడువులోపు వెళ్లిపోతే మొత్తం బోనస్ తిరిగి ఇవ్వాలి అని ఉంటే 6 లక్షలూ కట్టాలి. చేసిన పద్దెనిమిది నెలలకు విలువే లేదు. ఇరవై మూడో నెలలో వెళ్లినా ఇదే లెక్క. మొదటి ఏడాదికి సగం, రెండో ఏడాదికి సగం వెస్ట్ అవుతుంది అని ఉంటే 3 లక్షలు కట్టాలి. నెలకు ఇరవై నాలుగో వంతు చొప్పున వెస్ట్ అవుతుంది అని ఉంటే, నెలకు 25,000 లెక్కన మిగిలిన ఆరు నెలలకు 1,50,000 కడితే చాలు. ఒకే మనిషి, ఒకే రాజీనామా. వాక్యాన్ని బట్టి బాకీ నాలుగు రెట్లు మారింది.

నెలల లెక్కన అని రాసి ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. నెలలు ఏ రోజు దాకా లెక్కపెడతారు? రాజీనామా చేసిన రోజు దాకానా, ఆఖరి పనిరోజు దాకానా? రాజీనామా తేదీయే కొలమానం అయితే ఆమె లెక్క నవంబరు 30తో ఆగిపోతుంది. పదిహేను నెలలే పనిచేసినట్టు, తొమ్మిది నెలలకు 2,25,000 కట్టాలి. నోటీసులో ఉన్న మూడు నెలలూ ఆమె రోజూ లాగిన్ అయి పనిచేసినా బోనస్ లెక్కలో ఆ నెలలు లేవు. తేడా 75,000 రూపాయలు. లేఖలో ఈ తేడా వచ్చేది ఒకటి రెండు మాటల్లోనే. నా దృష్టిలో ఆఖరి పనిరోజు వరకు లెక్కపెట్టడమే న్యాయం. జీతం ఇచ్చి పని చేయించుకున్న రోజులు సర్వీసు కాదనడానికి సబబైన కారణం కనిపించదు.

ఇక పన్ను సంగతి. మొత్తం తిరిగి కట్టాల్సి వస్తే ఆమె తన ఖాతాలో పడిన 4,12,800 ఇస్తే సరిపోదు. లేఖల్లో సాధారణంగా తిరిగి ఇవ్వాల్సింది గ్రాస్ మొత్తమే, అంటే పన్ను కోతకు ముందున్న 6 లక్షలు. ఆమె చేతికి ఎన్నడూ రాని 1,87,200 రూపాయలను కూడా సొంత పొదుపులోంచి తీసి ఇవ్వాలి. ఆ డబ్బు కంపెనీ దగ్గరా లేదు, అది ప్రభుత్వానికి వెళ్లిపోయింది. డబ్బు వచ్చిన ఆర్థిక సంవత్సరంలోనే, అంటే 2026 మార్చి 31లోపు తిరిగి ఇచ్చేసి ఉంటే పేరోల్ వాళ్లు ఆ ఏడాది జీతం లెక్కలోంచి బోనస్ తీసేసి, మిగిలిన నెలల టీడీఎస్‌ను ఆ మేరకు తగ్గించే వీలుండేది. మార్చి 31 దాటితే పాత ఏడాది లెక్కలు ముగిసిపోతాయి. తర్వాతి ఏడాది తిరిగి ఇచ్చిన డబ్బును ఆ ఏడాది జీతంలోంచి తగ్గించి చూపుకోవచ్చా అన్నది సులువుగా తేలే విషయం కాదు. ఆడిటర్ సాయంతో వాదించుకోవాల్సిందే. అందుకే సంతకానికి ముందు ఒక్క మాట అడగాలి: తిరిగి ఇవ్వాల్సి వస్తే గ్రాసా, నెట్టా? నెట్ అని రాయించుకోగలిగితే, నెలల లెక్కన తేలిన లక్షన్నర బాకీ కాస్తా 1,03,200 అవుతుంది. అన్ని కంపెనీలూ ఒప్పుకోవు. కనీసం అదే ఆర్థిక సంవత్సరంలో కడితే నెట్, దాటితే గ్రాస్ అన్న పద్ధతికైనా ఒప్పించే ప్రయత్నం చేయవచ్చు. దానివల్ల కంపెనీకి పోయేదేమీ లేదు.

డబ్బు చివర్లో ఇచ్చే మొదటి రకం లేఖలోనూ తేదీల దగ్గరే చిక్కు. 2027 ఆగస్టు 31న వెస్ట్ అవుతుంది, సెప్టెంబరు జీతంతో చెల్లిస్తాం, చెల్లించే రోజున ఉద్యోగంలో ఉండాలి, నోటీసులో ఉండకూడదు అని ఉందనుకోండి. ఆగస్టు 31 దాటింది కదా అని సెప్టెంబరు 1న రాజీనామా చేస్తే రెండేళ్లు ఆగి కూడా రూపాయి రాదు. జీతం పడే దాకా ఆగి, అప్పుడు రాజీనామా చేసి, 90 రోజులు నోటీసు పూర్తి చేస్తే బయటపడేది డిసెంబరు చివరికి. కాగితం మీద ఇరవై నాలుగు నెలలు, నిజానికి ఇరవై ఎనిమిది. కొత్త కంపెనీకి చేరే తేదీ చెప్పేటప్పుడు ఈ నాలుగు నెలలు గుర్తుండాలి. ఇంకొన్ని లేఖల్లో చెల్లింపు తేదీయే ఉండదు, వెస్ట్ అయిన తర్వాత తగిన సమయంలో అని మాత్రం ఉంటుంది. ఆ మాటకు లెక్కకొచ్చే అర్థం లేదు. ఫలానా నెల జీతంతో అనో, వెస్ట్ అయిన 30 రోజుల్లోపు అనో ఉండాలి. వెస్ట్ అయ్యాక ఉద్యోగంలో ఉన్నా లేకపోయినా చెల్లిస్తాం అన్న మాట కూడా ఉండాలి.

వెళ్లేది మనమే కానక్కర్లేదు. కంపెనీయే తీసేస్తే? లేఖలో ఉద్యోగం ఏ కారణం చేత ముగిసినా అని ఉంటే, లేఆఫ్ అయిన మనిషి కూడా బోనస్ తిరిగి ఇవ్వాల్సిందేనని వాదించే వీలు కంపెనీకి దొరుకుతుంది. ఉద్యోగం పోయిన నెలలో లక్షల బాకీ ఎదురవుతుంది. తిరిగి ఇవ్వడం రెండు సందర్భాలకే పరిమితం కావాలి: తనంతట తాను రాజీనామా చేసినప్పుడు, విచారణలో తప్పు రుజువై తీసేసినప్పుడు. లేఆఫ్, మరణం, పనిచేయలేని అనారోగ్యం ఈ పరిధిలోకి రావని పేరుపేరునా రాయించుకోవాలి. ప్రసూతి సెలవు సర్వీసులో కలుస్తుందని, అదే గ్రూపులోని మరో కంపెనీకి బదిలీ చేస్తే అది రాజీనామా కాదని కూడా ఉండాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2026 జనవరి 1 నుంచి కొత్త ఒప్పందాలకు వర్తించే చట్టం ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చే బోనస్ విషయంలో ఇంచుమించు ఇదే చెబుతోంది: షరతులు వేరే కాగితం మీద ఉండాలి, ఆలోచించుకోవడానికి ఐదు పనిదినాలు ఇవ్వాలి, గడువు రెండేళ్లు మించకూడదు, వసూలు కాలం లెక్కనే జరగాలి, వడ్డీ వేయకూడదు. అక్కడున్న మన వాళ్లు చేరే ముందు దీన్ని చూసుకోవడం మంచిది. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉన్నది 1872 నాటి కాంట్రాక్ట్ చట్టమే.

ఆ చట్టం ప్రకారం ఇలాంటి షరతు చెల్లుతుందా? ముందే వెళ్లినందుకు డబ్బు కట్టమనడం వృత్తి స్వేచ్ఛను అడ్డుకోవడమేనని, 27వ సెక్షన్ కింద చెల్లదని చాలామంది నమ్ముతారు. 2025 మే 14న సుప్రీంకోర్టు విజయా బ్యాంక్ కేసులో ఆ వాదనను ఒప్పుకోలేదు. మూడేళ్లలోపు వెళ్లిపోతే 2 లక్షలు కట్టాలన్న బ్యాంకు షరతును సమర్థించింది. ఉద్యోగంలో ఉన్న కాలానికి సంబంధించిన షరతు వేరు, ఉద్యోగం మానేశాక ఎక్కడా చేరకూడదనడం వేరు అని చెప్పింది. కాబట్టి సంతకం పెట్టి, కోర్టు కొట్టేస్తుందిలే అనుకోవడం ప్రమాదం. అయితే 74వ సెక్షన్ ఒక హద్దు పెట్టింది. ఒప్పందం తప్పినందుకు ముందే ఒక మొత్తం రాసుకున్నా, కోర్టు ఇప్పించేది ఆ మొత్తానికి మించకుండా సబబైన పరిహారమే. ఇచ్చిన బోనస్‌కు పైన 24 శాతం వడ్డీ, రెట్టింపు జరిమానా లాంటివి రాస్తే, వాటిని ప్రశ్నించే దారి ఇదే.

ఇంతా చూశాక, ఆ ఉద్యోగినికి మంచి లేఖ ఎలా ఉండాల్సింది? ఇంగ్లిషు లేఖలోని విషయాన్ని తెలుగులో చెబితే ఇలా: "రూ.6,00,000 గ్రాస్ మొత్తాన్ని 2025 ఆగస్టు జీతంతో, 2025 ఆగస్టు 31లోపు చెల్లిస్తాం. 2025 సెప్టెంబరు 1 నుంచి పూర్తయిన ప్రతి నెలకూ ఇరవై నాలుగో వంతు వెస్ట్ అవుతుంది. ఆఖరి పనిరోజు వరకు సర్వీసుగా లెక్కిస్తాం. మీరు స్వయంగా రాజీనామా చేసినా, విచారణలో రుజువైన తప్పిదానికి తొలగించినా, వెస్ట్ కాని భాగాన్ని, దానిపై కోసిన టీడీఎస్ మినహాయించి, 60 రోజుల్లోపు వడ్డీ లేకుండా తిరిగి ఇవ్వాలి. ఇతర ఏ కారణంతో ఉద్యోగం ముగిసినా తిరిగి ఇవ్వనక్కర్లేదు." ఐదు వాక్యాలు. ఎవరు చదివినా ఒకే అంకె వస్తుంది.

మీ చేతికొచ్చిన లేఖ ఇలా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పద్దెనిమిదో నెలలో వెళ్లిపోతే ఎంత కట్టాలో లేఖ మాత్రమే చూసి లెక్కవేయండి. ఒకే జవాబు రాకపోతే ఆ సందేహాన్ని మెయిల్‌లో హెచ్‌ఆర్‌ను అడగండి. నోటిమాటగా "అలా ఏం చేయంలెండి" అంటే సరిపోదు. రెండేళ్ల తర్వాత ఆ గదిలో మాట్లాడినవాళ్లు ఆ కంపెనీలో ఉంటారన్న హామీ లేదు. ఫుల్ అండ్ ఫైనల్ లెక్క వేసేవాళ్లు లేఖలో ఏముందో అదే చూస్తారు, ఆఖరి జీతంలోనూ సెలవుల డబ్బులోనూ బాకీ సర్దుకుంటారు, చాలకపోతే మిగతాది కట్టమంటారు. రిలీవింగ్ లెటర్ దానికోసం ఆగిపోయిందంటే కొత్త ఉద్యోగంలో చేరడమే చిక్కులో పడుతుంది.

డబ్బు వచ్చాక దాన్ని ఇంటి అడ్వాన్సుకో కారు డౌన్‌పేమెంట్‌కో పెట్టేముందు, ఈరోజుకి అందులో వెస్ట్ అయింది ఎంతో చూసుకోండి. మిగతాది ఇంకా పూర్తిగా మీది కాదు, దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచడం మేలు. సంతకాలైన లేఖ ప్రతిని, సందేహాలకు హెచ్‌ఆర్ ఇచ్చిన జవాబు ప్రింటును సంతకం చేసిన రోజే తీసి ఇంట్లో భద్రపరచుకోండి. ఆఖరి పనిరోజు సాయంత్రానికి ఆఫీసు మెయిల్ మూతపడుతుంది.