డ్రోను నడిపే కుర్రవాడికి ఏ సర్టిఫికెట్టు కూడు పెడుతుంది?

నెల్లూరు: పెన్నా డెల్టాలో వరి కయ్యలపై డ్రోను ఎగురుతుంటే పిల్లలు పరుగెత్తి చూసే రోజులు పోయాయి. మందు కొట్టే కూలీలు దొరకని ఊళ్లలో రైతులు డ్రోను యజమానికి కబురు చేస్తున్నారు. వెనువెంటనే దీనికి మరో వ్యాపారం తోడైంది. డ్రోను నడపడం నేర్పుతామని, సర్టిఫికెట్టు ఇస్తామని, ఆపైన సంపాదనకు కొదవ ఉండదని చెప్పే శిక్షణల వ్యాపారమది. ఫీజులు ముప్పై వేల నుంచి మొదలై, డిప్లొమా అనే పేరు తగిలిస్తే లక్ష దాకా పోతున్నాయి. ఎవరి వద్దా జీతానికి కుదరకుండా ఎకరాకింత అని సొంతంగా పని చేసుకోదలచిన యువకుడికి ఇందులో ఏది అక్కరకు వస్తుంది, ఏది దండగ అన్నది ఇంటిలోని బంగారం కుదువ పెట్టక ముందే తేలవలసిన సంగతి.

చట్టం అడిగేది ఒక్కటే

కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో డ్రోన్ నిబంధనలను ప్రకటించింది. వాటి ప్రకారం కూలికి గాని, బాడుగకు గాని డ్రోను ఎగురవేసే వ్యక్తికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్టు ఉండాలి. 250 గ్రాముల లోపు బరువుండే నానో డ్రోనుకు ఇది అక్కరలేదు. రెండు కిలోల లోపు డ్రోనును సరదాకు ఎగురవేసుకునే వారికీ అక్కరలేదు. అదే డ్రోనుతో పెళ్లి వీడియో తీసి డబ్బు పుచ్చుకుంటే మాత్రం కావాలి. మందు కొట్టే డ్రోను ఈ రెండింటికంటే ఎంతో బరువైనది కనుక అక్కడ మినహాయింపు ప్రసక్తే లేదు. నిబంధనలు మీరితే లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఈ సర్టిఫికెట్టుకు పదో తరగతి ప్యాసై, 18 ఏళ్లు నిండి, 65 దాటకుండా ఉంటే చాలు. మొదట్లో పాస్‌పోర్టు అడిగేవారు. 2023 సెప్టెంబరులో నిబంధన సడలించాక ప్రభుత్వం జారీ చేసిన గుర్తింపు కార్డు, చిరునామా రుజువు సరిపోతున్నాయి. సర్టిఫికెట్టు పదేళ్లు చెల్లుతుంది. అయితే శిక్షణ ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డిజిసిఎ గుర్తించిన సంస్థే కావాలి. గుంటూరు సమీపంలోని లాంలో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం అలాంటి గుర్తింపు పొందింది. ప్రైవేటు సంస్థలు చాలానే ఉన్నాయి. గుర్తింపు పొందిన సంస్థల జాబితా డిజిసిఎ వెబ్‌సైటులో ఉంటుంది. ఆ జాబితాలో పేరు లేని సంస్థ గోడపై ఎన్ని ముద్రలు, ఎన్ని ఫొటోలు వేలాడుతున్నా అది ఇచ్చే కాగితంతో కూలికి డ్రోను ఎగురవేసే హక్కు రాదు.

మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. "ప్రభుత్వ గుర్తింపు" అని కరపత్రంలో అచ్చువేస్తారు. అడిగితే ఐఎస్ఓ ముద్రో, కంపెనీ రిజిస్ట్రేషను పత్రమో చూపిస్తారు. కిరాణా అంగడికి కూడా రిజిస్ట్రేషను ఉంటుంది, దానికీ డ్రోనుకూ సంబంధమేముంది? అసలు సర్టిఫికెట్టు శిక్షణ ముగిసి పరీక్షలో నెగ్గాక ప్రభుత్వ పోర్టల్ ద్వారానే, నంబరుతో సహా వస్తుంది. మీకంటే ముందు అక్కడ నేర్చుకున్న ఒకరిద్దరిని కలిసి, పోర్టల్‌లో వారి సర్టిఫికెట్టు తెరిచి చూపించమంటే అయిదు నిమిషాల్లో నిజం బయటపడుతుంది. ఇంటి దగ్గరే కూర్చుని సెల్‌ఫోనులో పాఠాలు విని తెచ్చుకునే సర్టిఫికెట్లు ఈ లెక్కలోకి రావు. ఎగురవేసి చూపందే ఈ పరీక్ష పూర్తి కాదు.

బరువు తెలియక నష్టం

అసలు సంస్థలో చేరినా ఒకచోట కాలు జారే వీలుంది. సర్టిఫికెట్టు డ్రోను తరగతిని బట్టి ఇస్తారు. రెండు కిలోలు దాటి 25 కిలోల వరకు స్మాల్, ఆపైన 150 కిలోల వరకు మీడియం. ఈ బరువు ఖాళీ డ్రోనుది కాదు. బ్యాటరీ, ట్యాంకులోని మందు అంతా కలిపి పైకి లేచేటప్పటి బరువు. పది లీటర్ల ట్యాంకు ఉన్న డ్రోనులు సాధారణంగా 25 కిలోల లోపే ఉండేలా తయారవుతాయి. పదహారు లీటర్ల వాటిలో చాలావరకు ఆ గీత దాటుతాయి. స్మాల్ తరగతి శిక్షణకు అయిదు రోజులు చాలు, ఫీజు కూడా తక్కువ. కనుక ఎక్కువ మంది అదే తీసుకుంటారు. తీరా ఊళ్లో యజమాని దగ్గర ఉన్నది పెద్ద ట్యాంకు డ్రోను అయితే ఆ సర్టిఫికెట్టు దానికి చెల్లదు. అందుచేత ఫీజు కట్టేముందు ఎవరి డ్రోను నడపబోతున్నాడో ఆ యజమాని దగ్గరకు పోయి కాగితాలు చూడాలి. మోటారు సైకిలు నడిపేవాడికి లైసెన్సు, బండికి ఆర్‌సి ఉన్నట్లే డ్రోనుకూ వేరే రిజిస్ట్రేషను నంబరు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండాలి. డ్రోనుకు అవి లేకపోతే పైలట్ సర్టిఫికెట్టు ఎంత అసలైనదైనా ప్రయోజనం లేదు.

లెక్క వేసి చూస్తే

విడవలూరు వైపు ఒక యువకుడు శిక్షణకు 45 వేలు, బసకు, చార్జీలకు 5 వేలు, మొత్తం 50 వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. అతనికి సొంత డ్రోను లేదు. యజమాని ఎకరాకు వంద రూపాయలు ఇస్తానన్నాడు. బ్యాటరీలు చాలినన్ని ఉండి, కయ్యలు ఒకేచోట ఉంటే రోజుకు ఇరవై ఎకరాలు సాగుతుంది. అంటే రెండు వేలు. మందు కలిపి, నీళ్లు మోసే తోడు మనిషికి 500, తిండికి, పెట్రోలుకు 300 పోగా చేతికి వచ్చేది 1,200. అసలు తీరడానికే 42 రోజుల పని కావాలి. నెలకు వెయ్యి చొప్పున ఆరు నెలల వడ్డీకి మరో అయిదు రోజులు. మొత్తం 47 రోజులు.

ఏడాదికి 300 పని దినాలు అన్నట్లు చెప్పే ప్రచారం ఇక్కడే తేలిపోతుంది. పురుగు, తెగులు ఊరందరి పైరుకూ ఒకేసారి తగులుతాయి. పది రోజులు ఊపిరి సలపనంత పని, ఆ తరువాత నెల రోజులు ఖాళీ. తొలి పంట, ఎడగారు రెండూ కలిపి నలభై, యాభై రోజుల పని దొరికితే పెట్టిన సొమ్ము ఏడాదిలో తిరిగి వస్తుంది. రెండో ఏటి నుంచి మిగులు. ఇది మంచి బేరమే. అయితే పని ఇస్తానన్న యజమాని ఉన్నప్పుడే. అలాంటి మాట చేతిలో లేకుండా తీసుకున్న సర్టిఫికెట్టు, అసలైనదే అయినా, పెట్టెలో ఉంటుంది. ఈలోగా చేతి వాటం కూడా పోతుంది.

ఇదే యువకుడు డ్రోను ఇంజనీరింగు డిప్లొమా అంటూ మరో 60 వేలు పోశాడనుకోండి. అప్పు లక్షా పది వేలవుతుంది. వడ్డీ మాట పక్కన పెట్టినా 92 రోజుల పని కావాలి, అంటే రెండేళ్లు. ఎకరా రేటు మాత్రం ఒక్క రూపాయి పెరగదు. డిప్లొమా ఉందా అని అడిగి మందు కొట్టించే రైతు ఎక్కడా లేడు. మరమ్మతు నేర్చుకోవడం మంచిదే కాని, ఒక పంటకాలం డ్రోను చేతబట్టి, మోటారు, నాజిల్, బ్యాటరీల్లో ఏది తరచు చెడుతున్నదో చూశాక నేర్చుకోవచ్చు.

అయిదు రోజుల్లో రానిది

ఇన్ని చెప్పినా, చట్టం అడిగే అయిదు రోజుల శిక్షణతో మందు కొట్టేవాడు తయారు కాడు. అందులో నిబంధనలు, వాతావరణం, కంప్యూటర్ మీద అభ్యాసం పోగా నిజంగా డ్రోను ఎగురవేసే సమయం కొద్దిగానే ఉంటుంది. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో మహిళలకు పదిహేను రోజుల శిక్షణ నిర్ణయించారు. అందులో పైలట్ శిక్షణకు అయిదు రోజులు, పంటకు ఎరువు, మందు చల్లడానికి అదనంగా పది రోజులు. ఎగరడం కంటే చల్లడం నేర్వడానికి రెండింతల కాలం పెట్టారన్న మాట. డబ్బు కట్టి చేరేవాడు అడగవలసిన ప్రశ్న కూడా ఇదే. నీళ్లు నింపిన ట్యాంకుతో, నిజమైన పొలం మీద, నా చేతికి ఎన్ని గంటలు ఇస్తారు? దీనికి సూటిగా జవాబు చెప్పే సంస్థకు అయిదు వేలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

నెల్లూరు తీరంలో ఈ రెండో విద్య మరీ ముఖ్యం. ఇక్కడ వరి కయ్యను ఆనుకునే రొయ్యల గుంట ఉంటుంది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి పురుగు మందులు రొయ్యకు ప్రాణాంతకం. రొయ్య కూడా పురుగులాగే కీళ్ల కాళ్ల జీవి. పురుగును చంపే మందు అతి స్వల్పంగా నీటిలో కలిసినా దానికి ముప్పే. డ్రోను నుంచి రాలే తుంపర చాలా సన్నం. గాలి ఉంటే గట్టు దాటి పోతుంది. తీరంలో తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం వైపు, పొద్దెక్కాక సముద్రం నుంచి ఊరి వైపు తిరుగుతుంది. గుంట తూర్పున ఉందా, పడమట ఉందా చూడకుండా, "పొద్దున్నే కొడితే ఏమీ కాదు" అనుకుంటే పొరపాటు. నాజిల్ ఎంత సన్నం, ఎంత ఎత్తున పోవాలి, గట్టు వెంట ఎంత మేర వదలాలి అన్నవి చేలో నేర్వవలసినవి. ఒక గుంట పాడైతే ఎకరాకు వంద లెక్కన ఎన్నేళ్లు కొట్టినా ఆ నష్టం పూడదు.

దోమపోటు విషయంలోనూ జాగ్రత్త కావాలి. దోమ ఉండేది మొదళ్ల దగ్గర, డ్రోను చల్లేది పైనుంచి. రెక్కల గాలి ఆకులను విడదీసినా, చిక్కగా పెరిగిన పైరులో మందు అడుగుకు చాలినంత దిగకపోవచ్చు. అది తెలిసిన పైలట్ రైతుకు ముందే చెబుతాడు. తెలియనివాడు కొట్టి, దోమ చావక, డబ్బు దగ్గర తగవు పడతాడు.

ఈ విద్యకు పెద్ద ఫీజులు అక్కరలేదు. ఏ పురుగుకు ఏ మందు, ఎంత మోతాదు అన్నది నెల్లూరులోని వ్యవసాయ పరిశోధన స్థానంలోనూ, కృషి విజ్ఞాన కేంద్రంలోనూ అడిగి తెలుసుకోవచ్చు. అనుభవమున్న పైలట్ వెంట ఒక పంటకాలం తోడు మనిషిగా తిరిగితే రోజుకు కూలీ కూడా వస్తుంది. ఇంట్లో పొదుపు సంఘంలో మహిళ ఉంటే, ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ ఏదైనా నడుస్తున్నదేమో మండల సమాఖ్యలో విచారించాకే సొంత డబ్బు తీయడం మేలు.

చేరడానికే నిశ్చయించుకున్నవారు ఫీజు మొత్తం ఒకేసారి కట్టకుండా కొంత పరీక్ష తరువాతకు నిలుపుకోగలరేమో అడగాలి. పరీక్ష తప్పితే మళ్లీ రాయడానికి ఎంత, వాన వల్ల ఎగిరే రోజు పోతే మరో రోజు ఇస్తారా అన్నవి రసీదు మీదే రాయించుకోవాలి. రసీదుపై సంస్థ పేరు డిజిసిఎ జాబితాలో ఉన్న పేరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. కొందరు జాబితాలోని సంస్థకు ఏజెంట్లమంటూ వేరే పేరుతో రసీదు ఇస్తున్నారు. అలాంటప్పుడు నేరుగా ఆ సంస్థకే ఫోను చేసి, ఫలానా వ్యక్తి మీ తరఫున డబ్బు తీసుకోవచ్చా అని అడిగాకే చెల్లించాలి.