గోరు లేస్తే గీకకండి

రోజంతా అంట్లు తోమే చేతుల్లో ఒక్కోసారి గోరు కొస తెల్లబడి, నొప్పి లేకుండానే కింది చర్మం నుంచి విడిపోతుంది. మురికి చేరిందనుకుని పిన్నీసుతో గీకుతాం. చీలిక ఇంకా లోపలికి పాకేది అందుకే.

లేచిన భాగం మళ్లీ అతుక్కోదు. దాన్ని పొట్టిగా కత్తిరించి, తడి తగలకుండా చూసుకోవాలి. నూలు గ్లౌజుల మీద రబ్బరువి తొడుక్కుని తోమాలి. గోళ్లరంగు, రిమూవర్ మానాలి. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, కాబట్టి ఆరు నెలలు ఓపిక పట్టాలి. దెబ్బ తగిలి లేచినా ఇంతే.

ఫంగస్ అనుకుని సొంతంగా మాత్రలు మింగొద్దు. ముందు గోటిముక్కను పరీక్ష చేయించాలి. గోటిమీద సూదితో పొడిచినట్టు గుంటలు, విడిన అంచున ఎర్రని చార ఉంటే సోరియాసిస్ కావచ్చు. అప్పుడు ఫంగస్ మందు పనిచేయదు.